ఒక్క స్టార్ సమీక్షకు నేను రాసుకున్న జవాబు: పెట్టే ముందు ఒకసారి చూసి చెప్పండి

కృష్ణాతీరం, విజయవాడ

విజయవాడలో మాకు ఒక కుటుంబ రెస్టారెంట్ ఉంది. గత ఆదివారం రాత్రి భోజనానికి వచ్చిన ఒకరు గూగుల్ మ్యాప్స్‌లో మాకు ఒక్క స్టార్ ఇచ్చి ఇలా రాశారు:

"పిల్లలతో వెళ్ళాం. బిర్యానీ రావడానికి 50 నిమిషాలు పట్టింది. వచ్చినది గోరువెచ్చగా ఉంది. చికెన్ ఎముక దగ్గర ఎర్రగా, పచ్చిగా ఉంది. చెబితే సర్వర్ నవ్వి వెళ్ళిపోయాడు. పైగా అడగకుండానే బిల్లులో సర్వీస్ ఛార్జీ వేశారు. ఒక్క స్టార్ కూడా దండగ."

దీనికి నేను రాసుకున్న జవాబు ఇది, ఇంకా పెట్టలేదు:

"మేము 14 ఏళ్ళుగా ఈ ఊరికి అన్నం పెడుతున్నాం. ఆ రోజు మూడు వందల మంది తిన్నారు, ఒక్కరూ ఫిర్యాదు చేయలేదు. సీసీ కెమెరా, బిల్లింగ్ మెషీన్ రెండూ చూశాం, మీ ఆర్డరు 31 నిమిషాల్లో టేబుల్ మీదికి వచ్చింది, కాబట్టి 50 నిమిషాలు అన్నది అబద్ధం. ఎముక దగ్గర ఎరుపు పచ్చిదనం కాదని బిర్యానీ తెలిసిన ఎవరినడిగినా చెబుతారు. మా కుర్రవాడు అందరితో నవ్వుతూనే మాట్లాడతాడు. సర్వీస్ ఛార్జీ సంగతి మెనూ చివరి పేజీలో స్పష్టంగా ఉంది. అసలు మీరు మా దగ్గర తిన్నారో, పోటీ హోటల్ వాళ్ళు రాయించారో మాకు అర్థం అవుతూనే ఉంది. అయినా మీకు అసౌకర్యం కలిగినట్లు అనిపిస్తే చింతిస్తున్నాం."

మా తమ్ముడు ఇంకా ఘాటుగా రాయమంటున్నాడు, మా ఆవిడ అసలు జవాబే వద్దంటోంది. ఇందులో ఏ వాక్యం నిలుస్తుందో, ఏది తీసేయాలో పెద్దలు చెప్పగలరు.

శ్రీను, సూర్యాపేట

అన్నా, మీరేమీ వెనక్కి తగ్గకండి. అడగకుండా సర్వీస్ ఛార్జీ వేయడం చెల్లదు. బిల్లు మీ దగ్గర ఉంటే 1915 నంబరుకు, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైనుకు, ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి. పచ్చి చికెన్ పెట్టి నవ్వినవాళ్ళను ఊరికే వదలకూడదు.

పాత కెప్టెన్, ఖమ్మం

శ్రీను గారూ, ఈయన తిన్నవారు కాదు, పెట్టినవారు. అయితే మీరు పొరపాటున చెప్పిన మాట ఈయనకు బాగా పనికొస్తుంది, ఎందుకంటే ఆ సమీక్ష చదివినవాడికి మొదట తట్టే ఆలోచన అదే.

కృష్ణాతీరం గారూ, నేను డైనింగ్ హాల్లో ఆర్డర్లు తీసుకునే కెప్టెన్‌గా, ఆ తర్వాత మేనేజరుగా చాలాకాలం పని చేశాను. జవాబు బాగుందో లేదో చెప్పే ముందు నాకు రెండు విషయాలు కావాలి. మీరు చెప్పిన 31 నిమిషాలు ఎక్కడి నుంచి ఎక్కడికి లెక్కపెట్టినవి? వాళ్ళు తలుపు దాటి లోపలికి వచ్చిన సమయం, కూర్చున్న సమయం, కేవోటీ, అంటే వంటగదికి వెళ్ళే ఆర్డరు చీటీ కొట్టిన సమయం, బిర్యానీ టేబుల్ మీద పెట్టిన సమయం, ఈ నాలుగూ విడివిడిగా రాయండి. రెండోది, ఆ బిల్లులో పేరూ ఫోన్ నంబరూ లేకుండా అంకెలు మాత్రం ఇక్కడ పెట్టండి.

న్యాయమిత్ర, హైదరాబాద్

నా అభిప్రాయంలో ఇది జవాబు రాసే వ్యవహారం కాదు. వ్యాపారం పరువు తీసే రాతలకు భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ కింద పరువునష్టం కేసు వేయవచ్చు. ముందు ఒక లీగల్ నోటీసు పంపండి, సమీక్ష దానంతట అదే మాయమవుతుంది. గూగుల్‌కు కూడా రిపోర్ట్ చేయండి, వాళ్ళే తీసేస్తారు.

చదివి తినేవాడు, విశాఖపట్నం

నేను హోటల్ మనిషిని కాను. కొత్త ఊరికి వెళ్ళినప్పుడు మ్యాప్స్‌లో ఒక్క స్టార్ సమీక్షలు ముందు చదివి, ఆ తర్వాత వాటి కింద యజమాని ఏం రాశాడో చూసి, ఎక్కడ తినాలో తేల్చుకునే మనిషిని. ఆ హోదాలో చెబుతున్నాను.

మీ జవాబు చదివితే నాకు మూడు సంగతులు తెలిశాయి. మీరు కెమెరాలో కస్టమరు కుటుంబాన్ని వెతికి చూశారని, బాగా లేదని రాస్తే నన్ను కూడా అలాగే వెతుకుతారని తెలిసింది. ఎముక దగ్గర ఎరుపు చూసి భయపడే నాలాంటివాడికి బిర్యానీ తెలియదని మీ ఉద్దేశమని తెలిసింది. ఇక బిర్యానీ గోరువెచ్చగా ఉందన్న మాటకు మీ దగ్గర సమాధానం లేదని కూడా తెలిసింది, ఎందుకంటే అన్నిటికీ బదులిచ్చిన మీరు ఆ ఒక్కదాన్ని దాటేశారు. ఆ రాసినాయన మళ్ళీ మీ దగ్గరికి రాకపోవచ్చు. రేపు రావాలా వద్దా అని చూస్తున్న వాళ్ళం మేము, మీరేమో జవాబంతా ఆయన మీదే రాశారు.

న్యాయమిత్ర గారూ, సమీక్ష రాసినవాడికి నోటీసు వెళ్ళిందని తెలిస్తే నేను ఆ హోటల్ ఉన్న వీధిలోకి కూడా వెళ్ళను.

కృష్ణాతీరం, విజయవాడ

కెప్టెన్ గారూ, మీరు అడిగినట్లే మళ్ళీ చూశాను. తలుపు దగ్గర కెమెరాలో 8:34. టేబుల్ ఖాళీ లేక బయటి బెంచీ మీద కూర్చున్నారు, లోపల కూర్చునేసరికి 8:46. కేవోటీ 8:56. బిర్యానీ టేబుల్ మీదికి 9:27. మేము ఎప్పుడూ కేవోటీ నుంచే లెక్కపెడతాం, వంటగది పనితనం తెలిసేది దానితోనే.

బిల్లు: తిండి 1,640, సర్వీస్ ఛార్జీ 10 శాతం 164, ఆ మొత్తం 1,804 మీద జీఎస్‌టీ 5 శాతం 90.20, అంతా కలిపి 1,894.20.

గోరువెచ్చగా ఉందన్న మాటను నేను కావాలని దాటలేదు. చిన్న విషయం అనుకున్నాను.

పాత కెప్టెన్, ఖమ్మం

ఇప్పుడు లెక్క తేలింది. కేవోటీ నుంచి టేబుల్ వరకు 31 నిమిషాలు, తలుపు నుంచి టేబుల్ వరకు 53 నిమిషాలు. ఆయన 50 అన్నారు, అంటే మూడు నిమిషాలు తగ్గించే చెప్పారు. మీ అంకె నిజం, ఆయన అంకె కూడా నిజం. వంటగది గడియారం కేవోటీతో మొదలవుతుంది, పిల్లలతో ఆకలి మీద వచ్చినవాడి గడియారం తలుపు దగ్గరే మొదలవుతుంది. మీరు "అబద్ధం" అని పెట్టి ఉంటే, ఆయన తన సమీక్షను మార్చి, మేము ఇన్ని గంటలకు వచ్చాం, ఫోన్‌లో తీసుకున్న ఫోటో ఇదిగో అని చేర్చడానికి రెండు నిమిషాలు చాలు. అప్పుడు మీ జవాబు ఆయన పక్షాన సాక్ష్యం అవుతుంది. ఆర్డరు తీసుకోవడానికే పది నిమిషాలు పట్టిందన్న సంగతి మీకు ఈ సమీక్ష వల్లనే తెలిసింది, అది కెప్టెన్ తప్పు, వంటవాడిది కాదు.

రెండోది, మీ జవాబు తనను తానే కాదనుకుంటోంది. మొదట కెమెరాలో చూశాం, మీ ఆర్డరు ఇన్ని నిమిషాల్లో వచ్చిందన్నారు. చివర మీరు తిన్నారో లేదో అన్నారు. తిన్నట్లు మీరే రుజువు చేసి మళ్ళీ పోటీవాళ్ళు రాయించారని అంటే, చదివేవాడికి మీరు కోపంలో ఉన్నారని తప్ప ఇంకేమీ తెలియదు. నిజంగా దొంగ సమీక్ష అయితే, అంటే ఆ రోజు అలాంటి బిల్లే లేకపోతే, దాన్ని రిపోర్ట్ చేయాలి. కానీ న్యాయమిత్ర గారు అనుకున్నట్లు కాదు, ఘాటుగా ఉందన్న కారణానికి గూగుల్ తీసేయదు. నకిలీదో, సంబంధం లేనిదో, బూతులతో నిండినదో, ఇలా తన నియమాలను మీరినదైతేనే తీసేస్తుంది. ఇది అలాంటిది కాదు.

మూడోది అన్నిటికంటే బరువైనది, సర్వీస్ ఛార్జీ. 2022 జూలై 4న కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం హోటల్ గానీ రెస్టారెంట్ గానీ బిల్లులో దానంతట అది సర్వీస్ ఛార్జీ వేయకూడదు, వేరే పేరుతోనూ వసూలు చేయకూడదు, దాన్ని తిండి బిల్లుకు కలిపి మొత్తం మీద జీఎస్‌టీ వేయకూడదు. ఇవ్వడం కస్టమరు ఇష్టమని ముందే చెప్పాలి. రెస్టారెంట్ సంఘాలు దీన్ని ఢిల్లీ హైకోర్టులో సవాలు చేస్తే 2025 మార్చి 28న కోర్టు మార్గదర్శకాలనే సమర్థించింది. సంఘాలు అప్పీలుకు వెళ్ళాయి, అది వేరే సంగతి. మెనూ చివరి పేజీలో ఉందన్న మాట ఇక్కడ మిమ్మల్ని కాపాడదు. పైగా సమీక్షలో ఆయన రాసింది ఆయన మాట మాత్రమే, దాని కింద మీరు "అవును, మెనూలో రాసి వేశాం" అంటే అది మీ పేరు మీద, మీ చేతి రాత అవుతుంది. మీ బిల్లు సరిగా వేస్తే 1,640 మీద 82 జీఎస్‌టీ, మొత్తం 1,722. ఆయన దగ్గర ఎక్కువ తీసుకున్నది 172.20. జవాబు సంగతి తర్వాత, ముందు బిల్లింగ్ మెషీన్‌లో ఆ వరుస తీయించండి.

న్యాయమిత్ర, హైదరాబాద్

కెప్టెన్ గారూ, మీరు చెప్పిన చేతి రాత మాటనే నేను మీ మీదికి తిప్పుతున్నాను. బహిరంగంగా "తప్పుగా వేశాం, తిరిగి ఇస్తాం" అని రాస్తే అది ఒప్పుకోలు కాదా? రేపు ఆ బిల్లు పట్టుకుని ఇంకో వంద మంది వస్తారు. నోటీసు మాట నేను వెనక్కి తీసుకుంటున్నాను, సొంత అనుభవాన్ని సదుద్దేశంతో చెప్పినవాడి మీద అది నిలవడం కష్టమే. కానీ సర్వీస్ ఛార్జీ గురించి జవాబులో ఒక్క ముక్క కూడా ఉండకూడదన్నది నా గట్టి అభిప్రాయం.

పాత కెప్టెన్, ఖమ్మం

వంద మంది వస్తే వంద మందికీ ఇవ్వవలసిన డబ్బే అది. మౌనంగా ఉంటే చదివి తినేవాడు గారు గోరువెచ్చని బిర్యానీ విషయంలో పట్టుకున్నట్లే దీన్నీ పట్టుకుంటారు. అయితే ఎలా రాయాలన్న దగ్గర మీ జాగ్రత్త సబబే. చట్టం పేరు, తీర్పు పేరు ఎత్తకుండా, చేసిన మార్పును మాత్రమే చెప్పాలి.

ఆహార పరీక్షకురాలు, తిరుపతి

నేను ఆహార పరీక్షల ప్రయోగశాలలో పని చేస్తాను. ఎముక దగ్గర ఎరుపు గురించి యజమాని గారు చెప్పింది సగం సరైనదే. మార్కెట్‌లోకి వచ్చే బ్రాయిలర్ కోడి వయసు సుమారు ఆరు వారాలు, దాని ఎముకలు ఇంకా పూర్తిగా గట్టిపడవు, కాబట్టి ఉడికేటప్పుడు మూలుగలోని ఎర్రటి పదార్థం ఎముక గుండా పక్కనున్న కండలోకి దిగుతుంది. గడ్డకట్టించి కరిగించిన మాంసంలో ఇది ఇంకా ఎక్కువగా కనిపిస్తుంది. పూర్తిగా ఉడికిన ముక్క కూడా అలా కనిపించవచ్చు.

కానీ రంగు చూసి ఉడికిందని చెప్పలేనట్లే ఉడకలేదని కూడా చెప్పలేం, నిజం తేల్చేది ముక్క మధ్యలోని వేడి. మందమైన చోట థర్మామీటరు గుచ్చితే 75 డిగ్రీలు చూపించాలి. ఆ రోజు ఆ హండీలో ఎవరైనా గుచ్చి చూశారా? చూడకపోతే "అది పచ్చిదనం కాదు" అని రాసే హక్కు మీకు లేదు, "కాకపోవచ్చు" అన్నంత వరకే ఉంది.

నాకు ఇంకా అనుమానం కలిగించేది ఎరుపు, గోరువెచ్చన అన్న రెండు మాటలు కలిసి రావడం. ఉడికిన బిర్యానీని 60 డిగ్రీలకు పైన ఉంచి వడ్డిస్తే ప్లేటులో పొగలు వస్తాయి. గోరువెచ్చగా వచ్చింది అంటే మూత తీసి చాలాసేపు అయిన హండీ అడుగు నుంచి తీసింది కావచ్చు, లేదా రద్దీలో దమ్ పూర్తి కాకముందే తెరిచింది కావచ్చు. మొదటిదైతే ఎరుపు ఎముక రంగే అయి ఉండవచ్చు. రెండోదైతే ఆయన చెప్పినట్లు పచ్చిదే అయి ఉండవచ్చు. మీరు చిన్న విషయం అనుకున్న ఆ ఒక్క మాటే తేడాను తేల్చే ఆధారం. మీది పచ్చి మాంసంతో వేసే దమ్మా, ముందే ఉడికించి వేసేదా?

కృష్ణాతీరం, విజయవాడ

పచ్చి మాంసం దమ్మే. వంట మాస్టరును అడిగాను. ఆ రాత్రి రెండో హండీ 9:10కి తెరిచామన్నారు, దమ్ పూర్తయిందనే అంటున్నారు. ఎప్పుడు మూత పెట్టారన్నది ఎవరూ రాసుకోలేదు. థర్మామీటరు మా దగ్గర లేదు. ఆయన ప్లేటు మొదటి హండీ అడుగుదో, రెండో హండీదో చెప్పగలిగేవాళ్ళు లేరు. సర్వింగ్ కుర్రవాడు మాత్రం, "సార్, ఎముక దగ్గర అలాగే ఉంటుంది" అని నవ్వుతూ చెప్పానని ఒప్పుకున్నాడు. వాడి ఉద్దేశం వెక్కిరింపు కాదని నాకు తెలుసు.

బూరెలమ్మ, రాజమండ్రి

నాది చిన్న మిఠాయిల కొట్టు. బూరెల్లో నూనె వాసన వస్తోందని ఒకావిడ రాస్తే, నూనె ఎక్కడ కొంటామో, ఎన్నిసార్లు మారుస్తామో, మా అమ్మమ్మ కాలం నుంచి ఎలా చేస్తున్నామో నాలుగు పేరాలు రాశాను. మా అబ్బాయి తన ఫోన్‌లో తెరిచి చూపిస్తే మొదటి రెండు మూడు వరుసలే కనిపిస్తున్నాయి, మిగతాది చూడాలంటే మళ్ళీ నొక్కాలి. ఆ కనిపించే వరుసల్లో ఉన్నది మా అమ్మమ్మ. నూనె సంగతి ఎవరికీ కనిపించలేదు. మీ 14 ఏళ్ళ మాట కూడా సరిగ్గా అక్కడే కూర్చుంది బాబూ. ఇంతకీ మీ దగ్గర స్వీటు ఎవరు చేస్తారు?

పాత కెప్టెన్, ఖమ్మం

బూరెలమ్మ గారు నేను మరిచిన విషయం చెప్పారు. ఇవన్నీ కలిపి నేనైతే ఇలా రాస్తాను:

"నమస్కారం. ఆదివారం రాత్రి మీరు లోపలికి వచ్చినప్పటి నుంచి బిర్యానీ రావడానికి 50 నిమిషాలకు పైనే పట్టిన మాట నిజం, పిల్లలతో వచ్చిన మీకు అంత ఆలస్యం చేసినందుకు క్షమించండి. బిర్యానీ గోరువెచ్చగా రావడం మా లోపం. ముక్క ఉడికిందో లేదో ఆ రోజు మేము కొలిచి చూడలేదు. మీరు చెప్పినప్పుడు ప్లేటు వెనక్కి తీసుకుని వేరేది ఇవ్వవలసింది, అలా జరగలేదు. ఇకపై ప్రతి హండీ తెరవగానే థర్మామీటరుతో చూసి, సమయం రాసి, ఆ తర్వాతే వడ్డిస్తాం. సర్వీస్ ఛార్జీని బిల్లులోంచి తీసేశాం, మీ దగ్గర తీసుకున్నది పన్నుతో సహా తిరిగి ఇస్తాం. దయచేసి రెస్టారెంట్ నంబరుకు ఫోన్ చేసి యజమానిని అడగండి."

కుర్రవాడి నవ్వు గురించి వాదించలేదు, గమనించారా? ఉద్దేశం మనకు తెలుసు, చదివేవాడికి తెలియదు, వివరించబోతే కుర్రవాణ్ణి వెనకేసుకొచ్చినట్లు ఉంటుంది. వాడి పేరు కూడా రాయకూడదు. "అసౌకర్యం కలిగినట్లు అనిపిస్తే" అన్న మీ చివరి మాట పూర్తిగా తీసేశాను, 53 నిమిషాలు ఎవరికీ అనిపించేవి కావు, జరిగినవి. "ఉచితంగా బిర్యానీ పెడతాం, సమీక్ష మార్చండి" అన్న మాట మాత్రం ఎక్కడా రానివ్వకండి, ఫోన్‌లో కూడా. సమీక్ష మార్చడానికి ఏదైనా ఇవ్వజూపడం గూగుల్ నియమాలకు విరుద్ధం. ఆయన డబ్బు మీరు తిరిగి ఇవ్వడం వేరు, స్టార్లు కొనడం వేరు.

ఆహార పరీక్షకురాలు, తిరుపతి

"ప్రతి హండీ" అన్న మాట థర్మామీటరు కొన్న తర్వాతే రాయాలి. రద్దీలో ఒక్క ఆదివారం మానేస్తే ఆ వాక్యాన్ని తీసుకొచ్చి మీ ముందే పెడతారు.

చదివి తినేవాడు, విశాఖపట్నం

"ముక్క ఉడికిందో లేదో కొలిచి చూడలేదు" అన్నది నిజాయితీగా ఉంది, కానీ నాకు ఆకలి చచ్చింది. అది అంత బాహాటంగా అవసరమా?

ఆహార పరీక్షకురాలు, తిరుపతి

నా దృష్టిలో అవసరమే. తీసేస్తే జవాబంతా ఆలస్యం గురించే అవుతుంది, సమీక్షలో భయపెట్టే మాట మాత్రం అలాగే నిలిచి ఉంటుంది.

న్యాయమిత్ర, హైదరాబాద్

నేను చదివి తినేవాడు గారి పక్షం. ఆ వాక్యం తీసి, "చికెన్ విషయంలో మీరు చెప్పింది వంటగదిలో పరిశీలించాం" అంటే చాలు.

పాత కెప్టెన్, ఖమ్మం

పరిశీలించి ఏం తేలింది అని అడిగితే మళ్ళీ అక్కడికే వస్తాం కదా, న్యాయమిత్ర గారూ.

కృష్ణాతీరం, విజయవాడ

సర్వీస్ ఛార్జీ వరుసను ఈ ఉదయమే బిల్లింగ్ మెషీన్‌లోంచి తీయించాను. థర్మామీటరు తెప్పించాను. ఈ మధ్యాహ్నం మొదటి హండీలో మాస్టరు గారు అయిష్టంగానే గుచ్చితే పైపొరలో 88, అడుగున ఎముక పక్కన 79 చూపించింది. మూత పెట్టిన సమయం, తెరిచిన సమయం రాయడానికి గోడకు ఒక పలక కట్టాం. రెండు హండీలు, నాలుగు అంకెలు, అంతే.

కెప్టెన్ గారి జవాబునే ఈ రాత్రి పెడుతున్నాను. చికెన్ వాక్యం ఉంచాలా వద్దా అన్నది మా ఇంట్లో కూడా తేలలేదు. మా ఆవిడ ఉంచమంటోంది, తమ్ముడు తీసేయమంటున్నాడు. నేను మాత్రం ఉంచి పెడుతున్నాను, జవాబును తర్వాత మార్చే వీలు ఎలాగూ ఉంది. "ఇకపై ప్రతి హండీ" బదులు "ఈ వారం నుంచి హండీ" అని మార్చాను. ఇంకో ప్రశ్న ఉంది. పోయిన నెలలో సర్వీస్ ఛార్జీ మీదే రెండు పాత సమీక్షలు వచ్చాయి, వాటికి అప్పట్లో తమ్ముడు జవాబులు పెట్టాడు, మెనూలో చూడలేదా అంటూ. వాటిని మార్చాలా, తీసేయాలా?

పాత కెప్టెన్, ఖమ్మం

తీసేస్తే సమీక్ష ఒంటరిగా మిగులుతుంది. మార్చండి. వాళ్ళిద్దరి డబ్బూ లెక్క కట్టి పెట్టుకున్నాక మార్చండి.